20,000 నుంచి 26,000 అడగడం: చీమకుర్తి గ్రానైట్ కర్మాగారంలో ఒక జీతం సమీక్ష

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ కర్మాగారం ఉంది. బ్లాక్ గెలాక్సీ రాయిని పలకలుగా కోసి, పాలిష్ చేసి, కంటైనర్లలో విదేశాలకు పంపుతారు. అక్కడ ఎగుమతి పత్రాల పని చూసే ఉద్యోగిని 2024 ఫిబ్రవరి మొదట్లో నన్ను కలిశారు. నెల జీతం 20,000 రూపాయలు. మూడేళ్లుగా అదే పని చేస్తున్నారు. ఏటా అందరితో పాటు వచ్చే పెంపు తప్ప వేరే పెంపు ఎప్పుడూ అడగలేదు. ఈసారి అడగాలని నిశ్చయించుకుని, జనరల్ మేనేజర్‌కు పంపడానికి ఒక ఉత్తరం కూడా రాసుకుని వచ్చారు.

ఒంగోలు చుట్టుపక్కల చిన్న, మధ్యతరహా సంస్థలకు జీతాల నిర్మాణం, నియామకాల విషయంలో సలహా చెప్పడం నా వృత్తి. అంటే ఇలాంటి ఉత్తరాలు అందుకునే బల్లకు అవతలి వైపే నేను ఎక్కువగా కూర్చుంటాను. ఉద్యోగులు ఏం రాస్తే పక్కన పెడతారో, ఏం రాస్తే యజమాని దాకా వెళుతుందో అక్కడి నుంచి చూశాను. ఆమె అనుమతితో ఈ కేసును రాస్తున్నాను. సంస్థను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

మొదటి ఉత్తరంలో ఏముంది

మూడేళ్లుగా నిజాయతీగా పని చేస్తున్నానని, ధరలు పెరిగాయని, తమ్ముడి చదువు ఖర్చు తన మీదే ఉందని, చెన్నైలో ఇదే పనికి 32,000 ఇస్తున్నారని, కాబట్టి జీతం పెంచమని ఆ ఉత్తరం సారాంశం. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయినా అది చదివిన మేనేజర్‌కు చేయడానికి పనేమీ మిగలదు. ధరలు కర్మాగారంలో ఉన్న అందరికీ పెరిగాయి కనుక, ఆ కారణంతో ఆమెకు పెంచితే అందరికీ పెంచాలి. తమ్ముడి చదువు మేనేజర్‌కు జాలి కలిగించవచ్చు గానీ, దాన్ని ఆయన ఎండీ గారి ముందు పెట్టలేరు. నిజాయతీ అందరిలోనూ ఉండాల్సినదే. ఇక చెన్నై జీతం మాటకు "అయితే చెన్నై వెళ్ళండి" అని సమాధానం రావడం ఖాయం.

ఉత్తరంలో అసలు లోపం ఇంకొకటి. జీతం నిర్ణయించేది జనరల్ మేనేజర్ కాదు, ఎండీ గారు. ఆమె ఆ గదిలో ఉండరు. మేనేజర్ ఒక సాయంత్రం పది నిమిషాల్లో, నాలుగు వేరే విషయాల మధ్య ఈ విషయం ఎత్తుతారు. అప్పుడు ఆయన చేతిలో ఉండే కాగితమే ఆమె తరఫున మాట్లాడాలి. అందుకే మేనేజర్‌ను ఒప్పించే ఉత్తరం కన్నా, మేనేజర్ పట్టుకెళ్ళి ఇంకొకరిని ఒప్పించగలిగే ఉత్తరం రాద్దామని ఆమెతో అన్నాను. ఆ తర్వాత మేం చేసిన ప్రతి పనీ ఆ ఒక్క లక్ష్యంతోనే.

ఏడాది పనిని రూపాయల్లోకి తేవడం

"మీరు చేసిన గొప్ప పని ఏది?" అని అడిగితే, డ్రాబ్యాక్ డబ్బు విడిపించడమని వెంటనే చెప్పారు. ఎగుమతిదారుకు కస్టమ్స్ నుంచి తిరిగి రావాల్సిన సుంకం, అంటే డ్యూటీ డ్రాబ్యాక్, పాత షిప్పింగ్ బిల్లుల్లో, అంటే ఎగుమతికి ముందు కస్టమ్స్‌కు ఇచ్చిన పత్రాల్లో, కొన్నింటికి ఆగిపోయి ఉంది. ఓడ బయలుదేరాక షిప్పింగ్ లైన్ దాఖలు చేసే ఈజీఎం అనే సరుకు జాబితాలో కంటైనర్ నంబరో, ప్యాకేజీల సంఖ్యో షిప్పింగ్ బిల్లుతో సరిపోలకపోతే డ్రాబ్యాక్ ముందుకు కదలదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడకపోవడంతో అవి అలాగే ఉండిపోయాయి. ఆమె కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో ఒక్కొక్క బిల్లు స్థితి చూసి, షిప్పింగ్ లైన్లతోనూ కస్టమ్స్ ఏజెంటుతోనూ సవరణలు చేయించారు. మొత్తం 6.4 లక్షల రూపాయలు కంపెనీ ఖాతాలోకి వచ్చాయి.

చాలా పెద్ద మొత్తం. ఉత్తరంలో ఇదే ముందు పెట్టాలని ఆమె ఉద్దేశం. నేను వద్దన్నాను. జీతం పెంపు కంపెనీకి ప్రతి నెలా, ప్రతి ఏడూ పడే ఖర్చు. దానికి ఆధారంగా చూపేది కూడా ప్రతి ఏడూ తిరిగి వచ్చే లాభమే అయి ఉండాలి. ఆగిపోయిన డ్రాబ్యాక్ ఒకసారి వచ్చేసింది, మళ్ళీ రాదు. పైగా అది కంపెనీకి ఎప్పటికైనా రావాల్సిన సొంత డబ్బు. దాన్ని మొదటి వాక్యంలో పెడితే యజమాని మనసులో తట్టేది "సరే, ఒక బహుమతి ఇద్దాం" అనే. ఆ మాటతో నెల జీతం సంగతి ముగిసిపోతుంది. ఒకసారి చేసిన మేలుకు ఒకసారి ఇచ్చే మొత్తం అడగాలి, ఏటా జరిగే మేలుకు జీతం అడగాలి. రెండూ ఒకే ఉత్తరంలో ఉండవచ్చు, కానీ వేర్వేరు పేరాల్లో ఉండాలి.

అయితే ఏటా జరిగే మేలు ఏది? ఆమె పెద్దగా పట్టించుకోని పనిలో అది దొరికింది.

ఈ కర్మాగారం ఎగుమతుల్లో చాలా భాగం ఎల్‌సీల మీద, అంటే పత్రాలు షరతుల ప్రకారం ఉంటే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద నడుస్తుంది. సరుకు ఓడెక్కాక ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకు ఓడెక్కినట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వంటి పత్రాలను ఒక సెట్‌గా బ్యాంకుకు ఇవ్వాలి. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే ఓడెక్కిన తేదీ నుంచి 21 రోజుల లోపు ఇవ్వాలి. కొనుగోలుదారు బ్యాంకు ఆ పత్రాలను ఎల్‌సీ షరతులతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఎక్కడ తేడా కనిపించినా దాన్ని డిస్క్రెపెన్సీ అంటారు. ఒక్కో సెట్‌కు బ్యాంకు ఇంత అని కోసుకుంటుంది. అంతకన్నా పెద్ద కష్టం ఏమిటంటే, కొనుగోలుదారు ఆ తేడాను అంగీకరించే దాకా డబ్బు ఆగుతుంది. సరుకు ధర పడిపోతే అదే సాకుగా తగ్గింపు అడిగే కొనుగోలుదారులూ ఉంటారు.

2022 ఏప్రిల్ నుంచి 2023 జనవరి వరకు 31 సెట్లు బ్యాంకుకు వెళితే 19 సెట్లలో డిస్క్రెపెన్సీ వచ్చింది. మరుసటి ఏడాది అదే పది నెలల్లో 33 సెట్లు వెళితే ఐదింటిలోనే వచ్చింది. ఈ మార్పు దానంతట అది రాలేదు. అంతకుముందు ఎల్‌సీని కంటైనర్ నింపే రోజున చదివేవారు. ఆమె అది బ్యాంకు నుంచి చేతికందిన రోజునే చదివి, పాటించలేని షరతు ఉంటే సవరణ అడగడం మొదలుపెట్టారు. షిప్పింగ్ లైన్ పంపే బిల్ ఆఫ్ లేడింగ్ చిత్తుప్రతిని ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టి, బరువులు, రేవు పేరు, కొనుగోలుదారు చిరునామా సరిచూశాకే తుది ప్రతికి ఒప్పుకున్నారు. పలకల బరువు యార్డు నుంచి అంచనాగా కాకుండా తూకం వేసి రావాలని సూపర్‌వైజర్‌తో మాట్లాడుకున్నారు.

ఎంత మిగిలిందో లెక్క కట్టడానికి ఆమెను బ్యాంకు అడ్వైజులు తీయమన్నాను. ఒక్కో సెట్‌కు 60 నుంచి 90 డాలర్ల దాకా కోత పడినట్టు వాటిలో ఉంది. 14 సెట్లు తగ్గాయి కాబట్టి, సగటున 75 డాలర్ల చొప్పున 1,050 డాలర్లు. అప్పటి మారకంలో డాలర్‌కు 83 రూపాయలు వేసుకుంటే సుమారు 87,000 రూపాయలు. డబ్బు త్వరగా రావడం వల్ల ప్యాకింగ్ క్రెడిట్ మీద, అంటే ఎగుమతి కోసం బ్యాంకు ముందుగా ఇచ్చే అప్పు మీద మిగిలిన వడ్డీని లెక్కలో చేర్చలేదు. అది అకౌంట్స్ వారి దగ్గర ఉండే అంకె. మనం అంచనా వేసి రాస్తే, వారు ఒక్క చోట తప్పు పట్టగానే మిగతా అంకెలన్నిటి మీదా అనుమానం పడుతుంది. తక్కువైనా రుజువున్న అంకె చాలు.

యార్డు సూపర్‌వైజర్ పేరు ఉత్తరంలో పెట్టాలని నేను పట్టుబట్టాను. తూకం ఆయన వేయించకపోతే ఈ ఫలితం ఇంతగా ఉండేది కాదు. ఎండీ గారికి ఆ సంగతి తెలుసు. ఉమ్మడి పనిని ఒక్కరే చేసినట్టు రాస్తే ఉత్తరం మొత్తం అక్కడే పలచబడిపోతుంది.

ఇంకొక సంఘటన కూడా ఉత్తరంలోకి వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజులు చెన్నై నీట మునిగి రేవు పనులు ఆగాయి. వీరి నాలుగు కంటైనర్లు చెన్నై మీదుగా వెళ్ళాలి. వాటి నాలుగు ఎల్‌సీల్లోనూ ఓడెక్కించే చివరి తేదీ డిసెంబరు 10. తుపాను వల్ల ఆలస్యమైందని చెప్పినా బ్యాంకు ఒప్పుకోదు. గడువు పెంచుతూ ఎల్‌సీకి సవరణ రావాల్సిందే. ఆమె తుపాను తీరం చేరక ముందే, 2వ తేదీన, కొనుగోలుదారులకు సవరణ అడుగుతూ మెయిళ్లు పంపారు. మూడింటికి వచ్చింది, ఒకదానికి రాలేదు. రాని ఆ ఒక్కటి పైన చెప్పిన ఐదు డిస్క్రెపెన్సీల్లో ఉంది. దీనికి రూపాయల లెక్క కట్టలేదు. పై నుంచి ఎవరూ చెప్పకుండానే ముందు చూపుతో పని చేస్తారనడానికి నిదర్శనంగా రెండు వాక్యాల్లో పెట్టాం. రాని నాలుగో సవరణ గురించి కూడా రాశాం.

బజారు అంటే ఏ ఊరు?

ఆమె దగ్గరున్న 32,000 అంకె చెన్నైలోని ఒక సరుకు రవాణా సంస్థది. ఆ జీతానికి చెన్నైలో అద్దె కట్టాలి, రాత్రి షిఫ్టులు చేయాలి. ఆమె తల్లి ఒంగోలులో ఉన్నారు కాబట్టి చెన్నై వెళ్ళే ఉద్దేశమే లేదు. మనం వెళ్ళని ఊరి జీతం మన బజారు ధర కాదు. ఎదుటివారికి కూడా ఆ సంగతి తెలుసు.

నిజమైన బజారు ఎక్కడుందంటే, ఆమెకున్న నైపుణ్యాన్ని కొనుక్కోగల, ఆమె చేరగల సంస్థల్లో ఉంది. ఇక్కడ చాలామంది "మాది గ్రానైట్ లైను" అనుకుని చీమకుర్తి కర్మాగారాలతో ఆగిపోతారు. ఆమె చేసేది రాయి పని కాదు, ఎగుమతి పత్రాల పని. ఎల్‌సీ, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్ రొయ్యలకైనా రాయికైనా ఒకటే. రొయ్యలకు ఆరోగ్య ధ్రువపత్రం, శీతల కంటైనర్ల నియమాలు అదనంగా నేర్చుకోవాలి, అంతే. కాబట్టి ఒంగోలు, నెల్లూరు పరిసరాల్లోని రొయ్యల ఎగుమతి సంస్థలు, కృష్ణపట్నం రేవు పని చూసే కస్టమ్స్ ఏజెంట్ల కార్యాలయాలు కూడా ఆమె బజారులోకే వస్తాయి.

అంకెలు సేకరించేటప్పుడు ఒక నియమం పెట్టుకోమన్నాను. ఆ జీతం ఎవరు తీసుకుంటున్నారు, ఎన్నేళ్ల అనుభవం, ఏ పని, చేతికి వచ్చేదా లేక కోతలకు ముందు మొత్తమా — ఈ నాలుగూ తెలియని అంకెను కాగితం మీద రాయకూడదు. "35,000 వరకు" అని ప్రకటనల్లో వచ్చే పై అంకె దీనితో కొట్టుకుపోయింది. అలా వడపోశాక మూడే మిగిలాయి. చీమకుర్తిలోనే మరో కర్మాగారంలో 24,000, నెల్లూరు వైపు ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో 27,000, ఒక కస్టమ్స్ ఏజెంటు దగ్గర 23,000. మూడూ కోతలకు ముందు మొత్తాలే. మూడే అంకెలతో బజారు మొత్తం తెలిసిపోయిందనుకోకూడదు. అందుకే "బజారు జీతం ఇంత" అని రాయకుండా, "నేను విచారించిన మేరకు 23,000 నుంచి 27,000 మధ్య ఉంది" అని రాయించాను. సంస్థల పేర్లు, చెప్పినవారి పేర్లు రాయలేదు. మన మీద నమ్మకంతో జీతం చెప్పినవారి పేరు ఇంకొక యజమాని బల్ల మీదికి పోకూడదు.

వేరే చోట ఉద్యోగం వచ్చిందని చెప్పాలా అని ఆమె అడిగారు. రాలేదు కాబట్టి చెప్పకూడదు. వచ్చి ఉన్నా, వెళ్ళడానికి నిజంగా సిద్ధపడినప్పుడు తప్ప చెప్పమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఈ జిల్లాలో గ్రానైట్ యజమానులు ఒకరికొకరు బాగా తెలిసినవారు. ఒక్క ఫోనుతో నిజం తేలిపోతుంది.

21,000 దగ్గర ఉన్న గీత

ఆమె జీతం చీటీ చూడగానే నాకు కనిపించిన మొదటి విషయం ఈఎస్ఐ కోత. నెల వేతనం 21,000 దాటని ఉద్యోగులకు ఈఎస్ఐ వర్తిస్తుంది. ఉద్యోగి నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా. ఆమె 20,000 మీద తన వాటా 150, కంపెనీ వాటా 650. ఆ కార్డు మీదే తల్లికి మధుమేహం మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి వస్తున్నాయి. జీతం 21,000 దాటితే చందా ఆగి, కొంతకాలానికి ఆ వైద్యం పోతుంది. ఈ సంగతి ఆమెకు తట్టలేదు. జీతం పెరిగిన సంతోషంలో దీన్ని మరిచి, ఆసుపత్రి బిల్లు వచ్చాక తెలుసుకున్నవారిని నేను చూశాను.

అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఈఎస్ఐ చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. చందా కాలం మొదలయ్యాక మధ్యలో జీతం 21,000 దాటితే, ఆ కాలం ముగిసే దాకా సభ్యత్వం కొనసాగుతుంది. చందా మాత్రం పెరిగిన జీతం మొత్తం మీద కట్టాలి. అంటే పెంపు ఏప్రిల్ 1 నుంచి వస్తే ఆమె వెంటనే బయటికి వెళతారు, మే 1 నుంచి వస్తే సెప్టెంబరు 30 దాకా ఉంటారు. ఒక్క నెల పెంపు వదులుకుంటే తల్లికి ఆరు నెలల వైద్యం అదనంగా దొరుకుతుంది. ఆ ఆరు నెలల్లో వేరే ఏర్పాటు చూసుకోవచ్చు. సొంతంగా బీమా తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు నిరీక్షణ గడువు పెట్టవచ్చు. అందుకే కంపెనీ ఇచ్చే బృంద బీమాలో తల్లిని చేర్చమని అడగడం మేలు. చాలా బృంద పాలసీల్లో ఆ నిరీక్షణ ఉండదు.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి వేతనం నిర్వచనం మారింది. ఈ లెక్క ఇప్పుడు వేసుకునేవారు తమ చీటీలో ఏ భత్యాలు వేతనంలో కలుస్తాయో పరిశీలించి, ఈఎస్ఐ పరిమితి ఎంతుందో ఆనాటికి చూసుకోవాలి.

ఈ లెక్కంతా కంపెనీ వైపు నుంచి కూడా వేశాం. 26,000 ఇస్తే నెలకు 6,000 చొప్పున ఏడాదికి 72,000 అదనం. ఈఎస్ఐ వాటా మిగిలేది 7,800. మూల వేతనం 12,000 నుంచి పెరిగి 15,000 పరిమితికి చేరుతుంది కాబట్టి పీఎఫ్‌లో కంపెనీ వాటా నెలకు 360, ఏడాదికి 4,320 పెరుగుతుంది. మొత్తం మీద సుమారు 68,500. తగ్గిన బ్యాంకు కోతలు ఒక్కటే పది నెలల్లో 87,000. అంటే పెంపు ఖర్చు ఆమె పనిలోంచే వస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మిగిల్చినదంతా నాకు ఇమ్మనే వాదన ఏ యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. ఈ లెక్క ఉపయోగం వేరు: ఇది బడ్జెట్‌లో కొత్త భారం కాదని చూపడం. దీనికి కాలపరిమితి కూడా ఉంది. ఐదు డిస్క్రెపెన్సీలు అనేది రెండేళ్లు గడిస్తే మామూలు స్థితి అయిపోతుంది, 19 ఉన్న రోజులు ఎవరికీ గుర్తుండవు. మార్పు కనిపించిన మొదటి ఏడాదిలోనే అడగాలని నేను తొందరపెట్టింది అందుకే.

పంపిన ఉత్తరం

ఆ కర్మాగారంలో జీతాల సవరణ ఏప్రిల్‌లో. పట్టిక మార్చి మొదటి వారంలోనే ఎండీ గారి దగ్గరికి వెళుతుంది. మార్చి చివర్లో అడిగితే "ఈసారికి అయిపోయింది" అంటారు. కాబట్టి ఫిబ్రవరి 13న మెయిల్ పంపారు. ఆమె ఇంగ్లీషులో పంపినదాన్ని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

*విషయం: జీతం సమీక్ష గురించి మాట్లాడేందుకు అరగంట సమయం*

*సార్‌కు నమస్కారం.*

*ఏప్రిల్ సవరణలో నా జీతాన్ని విడిగా సమీక్షించమని కోరుతున్నాను. ప్రస్తుత జీతం 20,000. దాన్ని 26,000కు సవరించాలని నా అభ్యర్థన. కారణాలు ఇవి.*

*గత ఏడాది ఏప్రిల్ నుంచి జనవరి వరకు 31 ఎల్‌సీ సెట్లలో 19 డిస్క్రెపెన్సీతో వెళ్ళాయి. ఈ ఏడాది అదే కాలంలో 33 సెట్లలో 5. బ్యాంకు కోతల్లో తగ్గుదల సుమారు 87,000 రూపాయలు. వివరాల పట్టిక జతచేశాను. తూకం విషయంలో యార్డు సూపర్‌వైజర్ గారి సహకారం వల్లే ఇది సాధ్యమైంది. ఈ పద్ధతి కొనసాగితే ఈ తగ్గుదల ఏటా ఉంటుంది. డిసెంబరు తుపాను సమయంలో నాలుగు ఎల్‌సీలకు ముందే గడువు సవరణ అడిగాను. మూడు వచ్చాయి, ఒకటి రాలేదు.*

*ఎల్‌సీ పత్రాలు స్వతంత్రంగా చూసే ఉద్యోగులకు ఒంగోలు, నెల్లూరు పరిసరాల్లో నేను విచారించిన మేరకు 23,000 నుంచి 27,000 వరకు ఇస్తున్నారు.*

*ఆగిపోయిన డ్రాబ్యాక్ 6.4 లక్షలు ఈ ఏడాది జమ అయింది. ఇది ఒకసారి జరిగిన పని కాబట్టి జీతంతో కలపడం లేదు. దీన్ని మీరు ఎలా గుర్తించాలనుకుంటే అలా గుర్తించవచ్చు.*

*పెంపు తర్వాత నేను ఈఎస్ఐ పరిధి దాటతాను. దాని గురించి కలిసినప్పుడు వివరిస్తాను. 20వ తేదీ మంగళవారం సాయంత్రం 4 గంటలకు గానీ, 22వ తేదీ గురువారం ఉదయం 11 గంటలకు గానీ మీకు వీలవుతుందా? ఆ రెండు రోజులూ కంటైనర్ లోడింగ్ లేదు. ఒంగోలు ఆఫీసులో కలిస్తే బాగుంటుంది.*

చివరి మూడు వాక్యాల వెనుక ఆలోచన ఉంది. చీమకుర్తి యార్డు ఆఫీసులో అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, జీతం మాట అక్కడ మాట్లాడలేరు. లోడింగ్ రోజున మేనేజర్ ఫోను ఆగదు. "మీకు వీలైనప్పుడు" అని వదిలేస్తే ఆ వీలు మార్చి నెలాఖరుకు కుదురుతుంది.

సమావేశం

22న కలిశారు. మేనేజర్ పట్టిక మొత్తం చదివి ఉన్నారు. మొదటి మాట ఆమె ఊహించినదే. "చూడమ్మా, నీ పని గురించి నాకు వేరే మాట లేదు. కానీ ఈ ఏడాది అందరికీ ఎనిమిది శాతం అనుకుంటున్నారు. నీ ఒక్కదానికి ముప్పై శాతం అంటే ఎండీ గారు ఏమంటారు?"

దీనికి మేం ముందే సిద్ధపడ్డాం. శాతం మీద వాదించకూడదు. తక్కువ జీతం మీద శాతం ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. ఆమె ఇలా అన్నారు: "సార్, శాతంగా చూస్తే ఎక్కువే. కంపెనీకి పడే అదనపు ఖర్చు ఏడాదికి 68,500. రెండో పేజీలో లెక్క ఉంది. ఎండీ గారికి ఏ వివరం అదనంగా కావాలో చెప్పండి, రేపటికి తయారు చేసి ఇస్తాను."

మేనేజర్ రెండు అడిగారు. అమెరికా ఆర్డర్లు తగ్గితే ఎల్‌సీ సెట్లు తగ్గుతాయి కదా, అప్పుడు ఈ మిగులు ఎంత ఉంటుంది? ఆమె సెలవులో ఉంటే ఈ పని ఎవరు చూస్తారు? మొదటిదానికి సెట్లు 20కి తగ్గితే ఎంత మిగులుతుందో మరునాడే లెక్క ఇచ్చారు. రెండోది నేను కూడా ఊహించని ప్రశ్న. అందులో న్యాయం ఉంది. ఒక్క మనిషి చేతిలోనే ఉన్న పని యజమానికి భయం కలిగిస్తుంది. ఎల్‌సీ పరిశీలనకు ఒక చెక్‌లిస్టు రాసి, అకౌంట్స్‌లోని కుర్రాడికి నేర్పుతానని ఆమె ఒప్పుకున్నారు. నేర్పేస్తే తన విలువ తగ్గుతుందేమోనని ఆ సాయంత్రం నాకు ఫోను చేశారు. తగ్గదని చెప్పాను. నేర్పినవారికే పర్యవేక్షణ బాధ్యత వస్తుంది, తర్వాతి పెంపు అడగడానికి ఆధారం అదే.

ఈఎస్ఐ, మే 1 తేదీ సంగతి కూడా అప్పుడే చెప్పారు. మేనేజర్‌కు ఈ నియమం తెలియదు. తమ కంపెనీ కన్సల్టెంటును అడిగి నిర్ధారించుకున్నారు.

అదే రోజు సాయంత్రం ఆమె ఒక చిన్న మెయిల్ పంపారు: ఏం మాట్లాడుకున్నాం, తాను ఏం ఇవ్వాలి, మేనేజర్ ఎప్పటికి చెబుతామన్నారు. ఐదు వాక్యాలు, ధన్యవాదాలు.

వచ్చినది, రానిది

మార్చి మూడో వారంలో నిర్ణయం వచ్చింది. 26,000 ఇవ్వలేదు. మే 1 నుంచి 23,500 ఇచ్చారు. డ్రాబ్యాక్ పనికి ఏప్రిల్ జీతంతో 15,000 ఒకసారి ఇచ్చారు. బృంద బీమాలో తల్లిని చేర్చడానికి ఒప్పుకుని, తల్లి ప్రీమియంలో సగం ఆమె జీతం నుంచి కోసుకుంటామన్నారు. అక్టోబరులో మళ్ళీ సమీక్షించి, డిస్క్రెపెన్సీలు పది సెట్లకు ఒకటి మించకపోతే 25,500 చేస్తామని మేనేజర్ నోటితో చెప్పారు. ఆ నోటిమాటను ఆమె అదే రోజు మెయిల్‌లో పెట్టి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా సార్?" అని అడిగారు. "అవును" అని ఒక్క మాట సమాధానం వచ్చింది.

ఆ ఒక్క మాట పనికొచ్చింది. సెప్టెంబరు 20న ఆమె గుర్తుచేసినప్పుడు, జీతాల పట్టిక చూసే కొత్త వ్యక్తికి అక్టోబరు సమీక్ష గురించి ఏమీ తెలియదు. మెయిల్ చూపించాక విషయం కదిలింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 22 సెట్లు వెళ్ళాయి, రెండింటిలో డిస్క్రెపెన్సీ వచ్చింది. షరతు నెరవేరింది. ఆర్డర్లు తగ్గాయంటూ అక్టోబరు బదులు నవంబరు నుంచి, 25,500 బదులు 25,000 ఇచ్చారు. ఆ 500 కోసం పట్టుబట్టాలా అని ఆమె అడిగితే, రాసుకున్న మాట గురించి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయమన్నాను. ఏప్రిల్‌లో సర్దుతామన్నారు. అది కూడా మెయిల్‌లోకి ఎక్కింది.

హోదా మాత్రం మారలేదు. ఇద్దరికి పని నేర్పి, ఎల్‌సీలన్నీ తన సంతకంతో పంపుతున్నా చీటీ మీద ఇంకా అసిస్టెంట్ అనే ఉంది. 2024లో పంపిన ఉత్తరంలో దాన్ని మేం అడగలేదు, డబ్బు మీదే దృష్టి పెట్టాం. రేపు ఇంకో సంస్థ జీతం నిర్ణయించేటప్పుడు ముందుగా చూసేది హోదానే కాబట్టి, 2025 ఫిబ్రవరి ఉత్తరాన్ని దానితోనే మొదలుపెట్టాలని ఆమె నిర్ణయించుకున్నారు. జతచేసే పట్టికలో అకౌంట్స్ కుర్రాడు సొంతంగా పరిశీలించిన సెట్ల వరుస కూడా అప్పటికే నిండుతోంది.